పాత జీఎస్టీ డిమాండ్లపై వడ్డీ మాఫీ: చేరాలా, పోరాడాలా

కేంద్ర జీఎస్టీ చట్టంలోని 128ఏ సెక్షన్ పాత పన్ను వివాదాలపై వడ్డీని, జరిమానాను మాఫీ చేసే ఏర్పాటు. 2024 జూన్ 22న ఢిల్లీలో జరిగిన 53వ జీఎస్టీ మండలి సమావేశం దీన్ని సిఫారసు చేసింది. అదే ఏడాది నవంబరు 1 నుంచి ఇది అమల్లోకి వచ్చింది. 2017 జులై 1 నుంచి 2020 మార్చి 31 దాకా ఉన్న కాలానికి 73వ సెక్షన్ కింద, అంటే మోసం ఆరోపణ లేకుండా, నోటీసు గానీ ఉత్తర్వు గానీ అందుకున్న వ్యాపారికి ఇది వర్తించింది. అసలు పన్ను మొత్తాన్ని 2025 మార్చి 31లోగా కట్టి, అప్పీలు ఉంటే ఉపసంహరించుకుని, జూన్ 30లోగా దరఖాస్తు పెట్టుకుంటే వడ్డీ, జరిమానా రెండూ రద్దయ్యేవి. దరఖాస్తు నమూనా నోటీసు దశలో ఉన్నవారికి GST SPL-01, ఉత్తర్వు వచ్చినవారికి GST SPL-02. ఆ మూడేళ్లనే ఎంచుకోవడానికి కారణం తెలిసిందే. జీఎస్టీ కొత్తగా వచ్చిన రోజులవి. కొనుగోళ్లను సరిపోల్చుకోవడానికి ఉద్దేశించిన GSTR-2 రిటర్నును మొదట్లోనే పక్కన పెట్టేశారు. సరఫరాదారు ఏం చూపించాడో కొనుగోలుదారుకు సకాలంలో తెలిసే దారి ఉండేది కాదు. ఆ కాలంలో దొర్లిన తేడాలే నాలుగైదేళ్ల తర్వాత డిమాండ్ నోటీసులై దుకాణాలకు చేరాయి.

పథకంలో చేరాలా వద్దా అన్న ప్రశ్న రాగానే చాలామంది చూసేది మాఫీ అయ్యే మొత్తాన్ని. సాధారణంగా వడ్డీ రేటు ఏడాదికి 18 శాతం. ఆరేళ్లు గడిస్తే అది 108 శాతం, అంటే అసలును మించిపోతుంది. దానిమీద జరిమానా 10 శాతం, లేదా 10,000 రూపాయలు, ఏది ఎక్కువైతే అది. వంద రూపాయల పన్ను ఉత్తర్వులో 218 రూపాయలుగా కనిపిస్తుంటే, వందతో సరిపోతుందన్న మాట వరంలా వినిపించడం సహజం. కానీ ఈ పోలిక తప్పు చోట మొదలవుతుంది. కేసు పూర్తిగా ఓడిపోతేనే వ్యాపారి 218 కడతాడు. గెలిస్తే కట్టేది సున్నా. అసలు పన్ను నిలబడితేనే దానిమీద వడ్డీ నిలబడుతుంది. నిలబడని పన్నుపై వడ్డీ మాఫీ చేయడమంటే లేని బాకీని మాఫీ చేయడమే. అందుకే నిర్ణయానికి కొలమానం మాఫీ మొత్తం కాదు. ఉత్తర్వులోని ఒక్కో పద్దు కింద అడిగిన అసలు పన్ను అప్పీల్లో నిలిచే అవకాశం ఎంత అన్నదే కొలమానం.

ఈ లెక్క ఎలా నడుస్తుందో ఒక కల్పిత ఉదాహరణతో చూద్దాం. విజయవాడ ఆటోనగర్‌లో విడిభాగాల దుకాణం ఉందనుకుందాం. 2018-19 సంవత్సరానికి దానిపై 9 లక్షల రూపాయల పన్ను డిమాండ్ ఉంది. సగటున ఆరేళ్ల వడ్డీ 9.72 లక్షలు, జరిమానా 90 వేలు కలిపితే ఉత్తర్వు చివరి గడిలో 19.62 లక్షలు కనిపిస్తాయి. 9 లక్షలు కడితే 10.62 లక్షలు మిగులుతాయని దుకాణదారు అనుకోవచ్చు. అయితే ఆ 9 లక్షలు ఒకే ముద్ద కాదు, అందులో మూడు పద్దులున్నాయి. ఏడాది చివరి మూడు నెలల రిటర్నులను 2020 జనవరిలో వేసి, గడువు దాటాక ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకున్నారన్నది 4 లక్షల పద్దు. సరఫరాదారుల వివరాలతో నిండే GSTR-2A పట్టికలో కనపడని క్రెడిట్‌ను GSTR-3Bలో వాడుకున్నారన్నది 3.5 లక్షల పద్దు. యజమాని ప్రయాణాల కోసం కొన్న కారుపై తీసుకున్న క్రెడిట్‌ది మిగిలిన 1.5 లక్షలు.

మొదటి పద్దుకు జవాబు చట్టంలోనే ఉంది. 128ఏ తెచ్చిన 2024 ఫైనాన్స్ చట్టమే 16వ సెక్షన్‌కు ఐదో ఉపసెక్షన్‌ను కూడా చేర్చింది. దాని ప్రకారం 2017-18 నుంచి 2020-21 వరకు నాలుగేళ్ల క్రెడిట్‌ను 2021 నవంబరు 30లోగా వేసిన రిటర్నులో తీసుకుని ఉంటే, గడువు దాటిందన్న అభ్యంతరం చెల్లదు. కాబట్టి ఆ 4 లక్షలు కట్టాల్సిన పన్నే కాదు. పథకంలో చేరేవారు చెల్లింపు నుంచి ఈ మొత్తాన్ని తగ్గించుకోవచ్చని 164వ నిబంధన స్పష్టంగా చెప్పింది. ఈ సంగతి గమనించకుండా ఉత్తర్వులో రాసిన 9 లక్షలూ కట్టేసిన వ్యాపారి, మాఫీ సంతోషంలో 4 లక్షలు చేజేతులా వదులుకున్నట్టే. దుకాణదారు నిజంగా తేల్చుకోవాల్సింది మిగిలిన 5 లక్షల సంగతి.

కారు పద్దుపై ఆశ పెట్టుకోనక్కర్లేదు. సొంత ప్రయాణాల కారుపై క్రెడిట్‌ను 17వ సెక్షన్ సూటిగా అడ్డుకుంటుంది. GSTR-2A తేడా పద్దు అలా కాదు. పట్టికలో కనపడితేనే క్రెడిట్ అన్న షరతు చట్టంలోకి వచ్చింది 2022 జనవరి 1న. 2018-19లో వ్యాపారి చూపించాల్సింది ఇన్వాయిస్, సరుకు అందినట్టు ఆధారం, సరఫరాదారుకు డబ్బు చెల్లించిన రుజువు, సరఫరాదారు ఆ పన్నును ప్రభుత్వానికి కట్టాడన్న రుజువు. ఈ చివరిదే కష్టం. 2022 డిసెంబరులో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు ఇచ్చిన 183వ సర్క్యులర్ అందుకు ఒక దారి చూపింది. ఒక సరఫరాదారుకు సంబంధించిన తేడా ఏడాదికి 5 లక్షల లోపైతే అతని సొంత ధ్రువపత్రం చాలు. దాటితే చార్టర్డ్ అకౌంటెంట్ లేదా కాస్ట్ అకౌంటెంట్ ధ్రువపత్రం కావాలి. కాబట్టి ఈ పద్దులో గెలుపు మాట ఫైలు విప్పితేనే తెలుస్తుంది. సరఫరాదారు ఇంకా వ్యాపారంలో ఉండి కాగితం ఇస్తే పద్దు బలమైనది. రిజిస్ట్రేషన్ రద్దయి అతను కనిపించకుండా పోయి ఉంటే, మన వైపు ఎంత న్యాయం ఉన్నా పద్దు బలహీనమే.

ఇప్పుడు అంకెలు చూద్దాం. GSTR-2A పద్దు ఒక్కటే ఉండి ఉంటే, చేరడానికి అయ్యేది 3.5 లక్షలు. పోరాడి ఓడితే అసలు, వడ్డీ, జరిమానా కలిపి 7.63 లక్షలు. వకీలు ఫీజు, తిరుగుళ్ల ఖర్చు 60 వేలు అనుకుందాం. గెలిచే అవకాశం సుమారు 62 శాతం దాటితేనే పోరాటం లాభిస్తుంది. నూటికి యాభై ఒకటి ఉంటే చాలదా అని అడిగేవారికి జవాబు ఈ అంకెలోనే ఉంది. ఓడితే పోయేది చేరితే కట్టేదానికి రెట్టింపు పైనే కనుక, గెలుపుపై నమ్మకం కూడా ఆ మేరకు గట్టిగా ఉండాలి. ఇక కారు పద్దును పక్కన చేరిస్తే చిత్రం మారిపోతుంది. పథకం మొత్తం నోటీసుకు వర్తిస్తుంది. నచ్చిన పద్దుకు పన్ను కట్టి మిగతాదానిపై కొట్లాడతామంటే కుదరదు. చేరితే రెండు పద్దులకూ కలిపి 5 లక్షలు. చేరకపోతే కారు పద్దు కింద 3.27 లక్షలు ఎలాగూ తప్పవు. దానికి ఫీజు కలిపి, GSTR-2A పద్దు ఓడే భయాన్ని కూడా లెక్కేస్తే, గెలిచే అవకాశం 85 శాతం దాటితే తప్ప పోరాటం గిట్టదు. ఒక్క పస లేని పద్దు, పక్కనున్న బలమైన పద్దును కూడా రాజీ వైపు లాక్కుపోతుంది. పథకంలో ఇంతకన్నా ముఖ్యమైన, ఇంతకన్నా తక్కువమంది పట్టించుకున్న సంగతి మరొకటి లేదు.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో మొదటిది, మనశ్శాంతికి లెక్క ఎక్కడ అన్నది. ఏళ్ల తరబడి వాయిదాలు తిరిగే బదులు కట్టేసి కూర్చోవచ్చు కదా అంటారు. అది కాదనలేని మాటే. కానీ మనశ్శాంతికీ ఒక ధర వేసి, ఫీజు పక్కన రాసుకోవచ్చు. డిమాండ్ యాభై వేలో లక్షో అయితే ఆ ధరే తీర్పు చెబుతుంది, పద్దుల విచారణ అక్కర్లేదు. డిమాండ్ పెరిగేకొద్దీ ఆ వాదన బలం తగ్గుతుంది. మనశ్శాంతి కోసం ఇరవై లక్షల చెల్లని పన్ను కట్టడం వ్యాపారం భరించగలిగేది కాదు. రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. గెలుపు అవకాశానికి శాతం కట్టడం ఊహే కదా అంటారు. నిజమే, 62కీ 65కీ మధ్య తేడాను ఎవరూ పసిగట్టలేరు. అయితే ఈ పద్ధతికి అంత సూక్ష్మత అవసరం లేదు. కాగితాలన్నీ చేతిలో ఉన్న పద్దుకూ, సరఫరాదారు మాయమైన పద్దుకూ మధ్య దూరం చాలా ఎక్కువ. ఏ వైపున్నామో తెలుసుకుంటే చాలు. అంచనా 60, 70 మధ్య ఊగిసలాడితే చేరడమే మంచిదని నా అభిప్రాయం. ఎందుకంటే వ్యాపారులు తమ కాగితాల బలాన్ని ఎక్కువగా ఊహించుకుంటారు.

చేరడానికయ్యే ఖర్చును కూడా సరిగా కొలవాలి. మొదటి అప్పీలుకు ముందుగా కట్టిన 10 శాతం డిపాజిట్ అసలు కింద జమ అవుతుంది. మిగిలినదాన్ని చాలా సందర్భాల్లో క్రెడిట్ లెడ్జర్ నుంచి కట్టవచ్చు. రివర్స్ చార్జి పన్ను, పొరపాటున వచ్చిన రిఫండు వంటివి మాత్రం నగదుగానే కట్టాలి. వాడకానికి నోచుకోని క్రెడిట్ పేరుకుపోయిన దుకాణానికి 5 లక్షల చెల్లింపు జేబులోంచి తీసిన 5 లక్షలంత భారం కాదు. మరోవైపు, ఇప్పటికే కట్టిన వడ్డీ, జరిమానా తిరిగి రావు, వాటిని అసలులోకి మార్చుకోవడానికీ వీల్లేదు. గడువులోనే నిజాయితీగా వడ్డీతో సహా కట్టినవారికి ఈ పథకం ఏమీ ఇవ్వలేదు. అది అన్యాయమన్న బాధలో అర్థం ఉంది. రిటర్ను ఆలస్యంగా వేసినందుకు పడే వడ్డీకి కూడా మాఫీ లేదు. మన ఉదాహరణలో 2020 జనవరిలో వేసిన ఆ మూడు రిటర్నులపై ఆలస్యపు వడ్డీ ఉంటే అది అలాగే మిగులుతుంది.

చేరినవారి దరఖాస్తులు చెడేది ఎక్కువగా చిన్న చిన్న చోట్లే. పన్ను గడిలో వేయాల్సిన డబ్బు వడ్డీ గడిలో పడటం, కేంద్ర పన్ను సరిగా కట్టి రాష్ట్ర పన్నులో కొంత తగ్గించడం, అప్పీలు ఉపసంహరణ పత్రం జతచేయకపోవడం అలాంటివి. అన్నీ సరిపోతే అధికారి GST SPL-05లో వివాదం ముగిసినట్టు ఉత్తర్విస్తాడు. దానిపై మళ్లీ అప్పీలుకు వెళ్లే దారి ఉండదు. లోపం కనిపిస్తే ముందు GST SPL-03లో నోటీసు ఇచ్చి, జవాబు విన్నాకే తిరస్కరించాలి. తిరస్కరణ ఉత్తర్వు GST SPL-07 వచ్చాక దానిపై వ్యాపారి అప్పీలు చేయకపోతే, ఉపసంహరించుకున్న పాత అప్పీలు తిరిగి ప్రాణం పోసుకుంటుంది. పథకంలో చేరి భంగపడితే రెంటికీ చెడ్డట్టవుతుందన్న భయాన్ని ఈ ఏర్పాటు చాలావరకు తీరుస్తుంది.

ఇంకొక హద్దు ఉంది. మాఫీ మూడేళ్లకే పరిమితం. కారు క్రెడిట్ లాంటి పద్దు ఒక్కసారితో తీరిపోతుంది. కానీ సరుకుకు ఏ రేటు వర్తిస్తుందన్న వివాదం ఏటా తిరిగి వస్తుంది. 2019-20 దాకా రాజీ చేసుకున్న వ్యాపారికి 2020-21 నోటీసులో అదే ప్రశ్న, అదే 18 శాతం వడ్డీ మాఫీ లేకుండా ఎదురవుతుంది. అలాంటి పద్దులో మూడేళ్ల లెక్క ఒక్కటే వేస్తే చాలదు. ఆ తర్వాతి సంవత్సరాల్లో కూడా పన్ను ఒప్పుకుని కట్టడానికి సిద్ధమా, లేక అక్కడ పోరాడాల్సిందేనా అన్నది ముందు తేల్చుకోవాలి. పోరాడాల్సిందే అయితే వకీలు ఫీజు ఎలాగూ తప్పదు. అదే వాదనకు పాత మూడేళ్లను కూడా జోడించడానికి అదనంగా అయ్యే ఖర్చు స్వల్పమే.