పాల కాలు నుండి హెపారిన్ వరకు

ప్రసవమైన కొన్ని రోజులకు బాలింత కాలు, ముఖ్యంగా ఎడమకాలు, తెల్లగా ఉబ్బి నొప్పి పెట్టడాన్ని ఐరోపా వైద్యులు పూర్వం ‘పాల కాలు’ అనేవారు. రొమ్ముకు చేరవలసిన పాలు కాలిలోకి దిగాయని భావించేవారు. 1784లో మాంచెస్టర్ వైద్యుడు చార్లెస్ వైట్ ఈ వాదాన్ని తోసిపుచ్చి, దోషం శోషరస నాళాలలో ఉందన్నాడు. అదీ సరికాదు. 1823లో లండన్ వైద్యుడు డేవిడ్ డేవిస్, మరణించిన బాలింతల కటి సిరలలో గడ్డకట్టిన రక్తాన్ని చూపాడు.

ఆ గడ్డ ఎందుకు ఏర్పడుతుంది? ప్రసవంలో అధిక రక్తస్రావం కాకుండా గర్భిణి రక్తానికి గడ్డకట్టే గుణం ముందే పెరుగుతుంది. పెరిగిన గర్భాశయం సిరలను నొక్కడంతో కాళ్లలో రక్తప్రవాహం మందగిస్తుంది. ప్రసవంలోనో శస్త్రచికిత్సలోనో సిరలకు గాయమవుతుంది. ఈ మూడూ కలిసే కాలం కనుకనే ప్రసవానంతర వారాలలో ప్రమాదం అత్యధికం. గడ్డ తెగి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాంతకం.

1916లో అమెరికాలో జే మెక్లీన్ అనే వైద్య విద్యార్థి పరిశోధన హెపారిన్‌కు దారి తీసింది. ఇది మావిని దాటి శిశువును చేరదు, వార్ఫరిన్ చేరుతుంది. అందుకే గర్భిణులకు హెపారిన్‌నే ఎంచుకుంటారు. నేడు ఎక్కువగా వాడేది ఎనాక్సపారిన్ వంటి తక్కువ అణుభారం గల రకం.

అయితే ఎవరికి ఇవ్వాలి? బ్రిటన్ ప్రసూతి వైద్యుల రాయల్ కళాశాల 1995లో సిజేరియన్ స్త్రీలకు, 2004లో మిగిలినవారికీ మార్గదర్శకాలు ఇచ్చింది. అక్కడ ఈ కారణంగా 2003–05లో 41 మంది తల్లులు మరణించగా, 2006–08లో ఆ సంఖ్య 18కి తగ్గింది.

2015 నాటి వారి లెక్కను ఒక ఊహా ఉదాహరణతో చూడండి. వయస్సు 37, ఎత్తు 152 సెం.మీ., బరువు 72 కిలోలు. ముప్పయి అయిదు దాటినందుకు ఒక మార్కు, స్థూలకాయానికి ఒకటి. గర్భంలో మూడు మార్కులుంటే 28వ వారం నుండి, నాలుగుంటే మొదటి నుండి ఇంజెక్షన్ ఆలోచిస్తారు. ఈమెకు రెండే కనుక నడక, తగినంత నీరు చాలు. ముందుగా నిర్ణయించిన సిజేరియన్ జరిగితే మరొకటి చేరి మూడవుతాయి. ప్రసవానంతరం హద్దు రెండే. కాబట్టి రోజుకు 40 మిల్లీగ్రాముల ఎనాక్సపారిన్ కనీసం పది రోజులు ఇస్తారు. యాభై కిలోల లోపు వారికి మోతాదు 20 మిల్లీగ్రాములు. బిడ్డకు పాలివ్వడం మానవలసిన పని లేదు.

రక్తస్రావం ఆగని వారికి ఈ మందు ప్రమాదకరం. వెన్నులో మత్తు ఇవ్వాలంటే చివరి మోతాదు తరువాత పన్నెండు గంటలు గడవాలి. లేకుంటే వెన్నుపాము పక్కన రక్తం చేరవచ్చు. కనుక చివరి ఇంజెక్షన్ వేళను మత్తు వైద్యునికి చెప్పండి.

మందు తీసుకుంటున్నా సరే, ఒక కాలే వాచినా, హఠాత్తుగా ఆయాసమో ఛాతీనొప్పో వచ్చినా, తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.