అక్షాల పేర్లు మాత్రమే గుర్తుంటే గ్రాఫ్ గురించి ఏం చెప్పగలం?

రైల్వే ఉద్యోగ పరీక్ష ముగిసిన రోజు సాయంత్రం బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో కనిపించే దృశ్యం ఏ రైల్వే పట్టణానికైనా పరిచితమే. అభ్యర్థులు ఒకచోట చేరి, గుర్తున్న ప్రశ్నలను ఒక్కొక్కటిగా కాగితం మీద పెడతారు. లెక్కల ప్రశ్నలైతే అంకెలు గుర్తుంటాయి. గ్రాఫ్ ప్రశ్న దగ్గరకు వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. 'కింద సమయం, పక్కన దూరం ఉంది' అన్నంతవరకు అందరికీ గుర్తుంటుంది. గీత పైకి వెళ్లిందా, కిందికి దిగిందా అన్న దగ్గర మాత్రం మాట కలవదు. అక్కడి నుంచి వాదన ఇలా సాగుతుంది: 'సమయం గడిచేకొద్దీ దూరం పెరుగుతుంది కదా, కాబట్టి గీత పైకే వెళ్లి ఉంటుంది.'

ఈ వాదన సహజంగా వినిపిస్తుంది కానీ నిలబడదు. ఎందుకు నిలబడదో తెలియాలంటే బిలాస్‌పూర్–రాయ్‌పూర్ మార్గాన్నే తీసుకోవచ్చు. ఈ రెండు స్టేషన్ల మధ్య దూరం సుమారు 110 కిలోమీటర్లు. అడ్డు అక్షం మీద 'సమయం', నిలువు అక్షం మీద 'బిలాస్‌పూర్ నుంచి దూరం (కి.మీ.)' అని రాసి ఉందనుకుందాం. ఉదయం 6 గంటలకు బిలాస్‌పూర్‌లో బయల్దేరి 8 గంటలకు రాయ్‌పూర్ చేరిన రైలు గీత 0 నుంచి 110కి ఎక్కుతుంది. అదే సమయంలో రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ వచ్చిన రైలు గీత 110 నుంచి 0కి దిగుతుంది. రెండింటి సగటు వేగమూ గంటకు 55 కిలోమీటర్లే. మధ్యలో భాటాపారాలో ఆగిన రైలు గీతలో కొంత భాగం బల్లపరుపుగా ఉంటుంది. వెళ్లి అదే రోజు తిరిగి వచ్చిన రైలు గీత కొండలా ఎక్కి దిగుతుంది. నాలుగు గీతలు నాలుగు రకాలు. అక్షాల పేర్లు మాత్రం నాలుగింటికీ ఒకటే. కాబట్టి పేర్లను బట్టి గీత ధోరణి తేలదు.

అయితే పేర్ల నుంచి ఏమీ తెలియదనుకోవడం కూడా పొరపాటే. మొదట, వాలుకు అర్థం ఏమిటో అవి చెబుతాయి. నిలువున కిలోమీటర్లు, అడ్డంగా గంటలు ఉంటే వాలు అంటే గంటకు ఇన్ని కిలోమీటర్లు, అంటే వేగం. గీత ఎంత నిటారుగా ఉంటే రైలు అంత వేగంగా పోయినట్టు, బల్లపరుపుగా ఉంటే ఆగినట్టు. కిందికి దిగితే వేగం తగ్గిందని కాదు, రైలు బిలాస్‌పూర్ వైపు వస్తోందని. నిలువు అక్షం పేరు 'వేగం' అయితే ఇదంతా మారిపోతుంది. అప్పుడు దిగే గీత బ్రేకు వేసినట్టు, బల్లపరుపు గీత రైలు ఒకే వేగంతో పరుగెడుతున్నట్టు. గీత ఆకారం అదే, కథ వేరు. గీత ఏ ఆకారంలో ఉందో పేర్లు చెప్పలేవు, ఫలానా ఆకారం ఉంటే దాని అర్థం ఏమిటో చెబుతాయి.

రెండోది, ఎలాంటి గీత ఉండడానికి వీల్లేదో పేర్లు చెబుతాయి. ఒక రైలు ఒకే క్షణంలో రెండు చోట్ల ఉండదు కాబట్టి సమయం–దూరం గ్రాఫ్‌లో దాని గీత వెనక్కి మళ్లదు, నిట్టనిలువుగా లేవదు. 'సమయానికి నడిచిన రైళ్ల శాతం' అని ఉంటే గీత 0కి దిగువకు గానీ, 100కు ఎగువకు గానీ పోదు.

ఇక్కడే పేరులోని ఒక్కో మాటకూ విలువ వస్తుంది. 'బిలాస్‌పూర్ నుంచి దూరం' తగ్గవచ్చు. 'ప్రయాణించిన మొత్తం దూరం' తగ్గదు, ఎందుకంటే తిరుగు ప్రయాణంలో నడిచిన కిలోమీటర్లు కూడా అందులో కలుస్తాయి. రెండో పేరు కచ్చితంగా గుర్తుంటే గీత దిగలేదని ధీమాగా చెప్పవచ్చు. గుర్తున్నది 'దూరం' అన్న ఒక్క మాటే అయితే ఆ ధీమా చెల్లదు.

పరీక్ష బయట కూడా ఇదే తేడా కనిపిస్తుంది. బిలాస్‌పూర్ కేంద్రంగా ఉన్న ఆగ్నేయ మధ్య రైల్వేలో కోర్బా బొగ్గు పెద్ద సరకు. ఎవరైనా ఒక సమావేశంలో చూసిన గ్రాఫ్ గురించి చెబుతూ, 'ఆర్థిక సంవత్సరం', 'సరకు లోడింగ్ (మిలియన్ టన్నులు)' అన్న పేర్లు గుర్తున్నాయనీ, లోడింగ్ పెరుగుతోందనీ అన్నారనుకుందాం. ఆ 'పెరుగుతోంది' గ్రాఫ్ నుంచి వచ్చిన మాట కాదు. బొగ్గు రవాణా గురించి ముందే తెలిసిన విషయం జ్ఞాపకంలోని ఖాళీని నింపింది. అది నిజమే కావచ్చు, కానీ దానికి ఆధారం ఆ గ్రాఫ్ కాదు. పేర్ల నుంచి నిజంగా తేలేవి చిన్న విషయాలే: లోడింగ్ సున్నాకు దిగువకు పోదు, ఈ జోన్ 2003 ఏప్రిల్‌లో మొదలైంది కాబట్టి అంతకు ముందు సంవత్సరాలు గ్రాఫ్‌లో ఉంటే అవి పాత ఆగ్నేయ రైల్వే లెక్కల నుంచి విడదీసినవై ఉండాలి.

అదే పేరు 'ఏప్రిల్ నుంచి ఇప్పటివరకు మొత్తం లోడింగ్' అయి, అడ్డు అక్షం మీద నెలలు ఉంటే, ఒక ఆర్థిక సంవత్సరం లోపల గీత దిగదని చూడకుండానే చెప్పవచ్చు. ఆ ఎక్కుడుకు మాత్రం వార్తా విలువ లేదు. లోడింగ్ నెలనెలా పడిపోతున్నా మొత్తం పెరుగుతూనే ఉంటుంది. అలాంటి గ్రాఫ్‌లో చూడాల్సింది గీత ఎక్కిందా అని కాదు, ఎక్కే వాలు తగ్గిందా అని. ఆ సంగతి పేర్లలో ఉండదు.

ఒక నిర్ధారణ పేర్ల నుంచి వచ్చిందో, ఊహ నుంచి వచ్చిందో తేల్చడానికి సులువైన పద్ధతి ఉంది. గుర్తున్న పేర్లతో రెండు అక్షాలు గీసి, అనుకున్నదానికి సరిగ్గా వ్యతిరేకమైన గీత గీయాలి. ఆ గీత పేర్ల అర్థానికి ఎక్కడా అడ్డుపడకపోతే, మొదటి నిర్ధారణ ఊహే. అడ్డుపడితే అది నిజంగా పేర్ల నుంచి వచ్చినదే. 'మొత్తం దూరం'తో దిగే గీత గీస్తే, నడిచిన కిలోమీటర్లు వెనక్కి పోయినట్టవుతుంది. అది కుదరదు. 'బిలాస్‌పూర్ నుంచి దూరం'తో గీస్తే అది రాయ్‌పూర్ నుంచి వస్తున్న రైలు.

మళ్లీ రైల్వే కాలనీ అభ్యర్థుల దగ్గరకు వద్దాం. ప్రశ్నలో నాలుగు జవాబులు ఇచ్చారనుకుందాం: రైలు వేగం పెరిగింది, మధ్యలో ఆగింది, బయల్దేరిన చోటికి తిరిగి వచ్చింది, ఒకే క్షణంలో రెండు స్టేషన్లలో ఉంది. పేర్లు మాత్రమే గుర్తున్నా నాలుగోదాన్ని కొట్టేయవచ్చు. నిలువు అక్షం పేరు 'మొత్తం దూరం' అని కచ్చితంగా గుర్తుంటే మూడోదాన్నీ పక్కన పెట్టవచ్చు, ఎందుకంటే రైలు ఎటు పోయిందో ఆ గ్రాఫ్ చూపదు. మొదటి రెండింటిలో ఏది సరైనదో పేర్లు చెప్పవు. ఆన్సర్ కీతో పాటు ప్రశ్నపత్రం తెరమీద కనిపించే వరకు ఆ ప్రశ్నకు మార్కు వేసుకోకుండా ఖాళీగా ఉంచడమే సరైన లెక్క.