ఫొటోలో అనుమానం, ఎక్స్‌రేలో కొలత: స్కోలియోసిస్ నిర్ధారణ నడిచిన దారి

ఎదిగే వయసు పిల్లల ఫొటోలో ఒక భుజం రెండవదానికన్నా ఎత్తుగా ఉండడం, ఒకవైపు రెక్క ఎముక పొడుచుకొని రావడం, వేలాడుతున్న చేతికీ నడుముకూ మధ్య ఖాళీ రెండువైపులా సమానంగా లేకపోవడం వెన్నెముక పక్కకు వంగిందన్న అనుమానానికి మొదటి ఆధారాలవుతాయి. ఇలా పక్కకు వంగడాన్నే స్కోలియోసిస్ అంటారు. వీపు ముందుకు వంగిన గూనికన్నా ఇది వేరైనది. అయితే ఒక కాలిపై బరువు మోపి నిలబడినా, కెమెరా కొద్దిగా ఒరిగినా నిటారైన వెన్ను కూడా వంకరగా కనిపిస్తుంది. అంతకన్నా చిక్కైన సంగతి ఏమిటంటే, ఛాతీ భాగంలో కుడికీ నడుము భాగంలో ఎడమకూ రెండు వంపులు ఏర్పడినప్పుడు అవి ఒకదానినొకటి సరితూచుకొని భుజాలను సమంగానే నిలపగలవు, కాబట్టి పెద్ద వంపు కూడా ఫొటోలో దాగిపోవచ్చు.

పైకి కనిపించే ఆకారానికీ లోపలి ఎముకకూ ఉన్న ఈ తేడాను స్పష్టంగా గుర్తించినవారిలో లండన్ శస్త్రవైద్యుడు విలియం ఆడమ్స్ ఒకరు. ఇగువానోడాన్ అనే రాక్షసబల్లి శిలాజాలను వెలుగులోకి తెచ్చిన గిడియన్ మాంటెల్ 1841లో గుర్రపు బండి ప్రమాదానికి గురై, ఆ తరువాత నడుము దగ్గర ఏర్పడిన ఉబ్బుతో చాలాకాలం బాధపడి 1852లో మరణించగా, బతికి ఉండగా కణితి కాబోలనుకొన్న ఆ ఉబ్బు నిజానికి మెలితిరిగిన వెన్నుపూసల పక్క కొమ్ములేనని మరణానంతర పరీక్షలో బయటపడింది. ఆ వెన్నెముకను పరిశీలించిన ఆడమ్స్, వంపు పక్కకు మాత్రమే కాక మెలితిరుగుడుతో కలిసి ఉంటుందని గ్రహించాడు. మోకాళ్లు వంచకుండా ముందుకు వంగినప్పుడు, తిరిగిన పూసలతోపాటు పక్కటెముకలు కూడా తిరిగి, వీపుపై ఒకవైపు దిబ్బలా లేస్తాయి. ఆయన పేరుతో నేటికీ నడుస్తున్న ముందుకు వంగే పరీక్షకు ఆధారం ఇదే. నిలబడిన ఫొటోకన్నా ఈ పరీక్ష నమ్మదగినదే అయినా, అది చెప్పేది మెలిక గురించే తప్ప వంపు ఎన్ని డిగ్రీలన్నది కాదు.

1895లో రంట్‌జెన్ ఎక్స్‌కిరణాలను కనుగొన్న తరువాత వంపు నేరుగా కంటికి కనిపించింది గాని, కొలత విషయంలో వైద్యులకు చాలాకాలం ఏకాభిప్రాయం కుదరలేదు. న్యూయార్క్ శస్త్రవైద్యుడు జాన్ రాబర్ట్ కాబ్ 1948లో వివరించిన పద్ధతి క్రమంగా ప్రమాణమైంది. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో వంపుకు పైకొనన అన్నిటికన్నా ఎక్కువ ఒరిగిన పూసను, కింది కొనన అలాగే ఎదురువైపుకు ఎక్కువ ఒరిగిన పూసను ఎంచుకొని, మొదటిదాని పై అంచు వెంట, రెండవదాని కింది అంచు వెంట గీతలు గీస్తారు. ఆ గీతలు సాధారణంగా ఫిల్మ్ అంచు దాటితే గాని కలియవు కనుక, ఒక్కొక్కదానికి లంబం గీసి ఆ లంబాల మధ్య కోణాన్ని కొలుస్తారు. ఉదాహరణకు ఛాతీ భాగపు 5వ పూస 17 డిగ్రీలు ఒకవైపుకూ, 12వ పూస 14 డిగ్రీలు రెండవవైపుకూ ఒరిగి ఉంటే కాబ్ కోణం 31 డిగ్రీలు. కనీసం 10 డిగ్రీల వంపుతోపాటు పూసల మెలిక కూడా ఉంటేనే స్కోలియోసిస్‌గా నిర్ధారిస్తారు. అంతకన్నా తక్కువైతే అది స్వల్ప అసమానత మాత్రమే. పడుకోబెట్టి తీస్తే శరీర బరువు లేక వంపు తగ్గి కనిపిస్తుంది కాబట్టి నిలబెట్టడం తప్పనిసరి.

ఈ కొలతకూ హద్దు ఉంది. ఒకే ఫిల్మును ఇద్దరు కొలిచినా, ఒకరే రెండుసార్లు కొలిచినా దాదాపు 5 డిగ్రీల దాకా తేడా రావచ్చు. పై ఉదాహరణలో ఆరు నెలల తరువాత 34 వస్తే వంపు పెరిగిందని చెప్పలేం, మొదట ఎంచుకొన్న పూసలతోనే కొలిచి 38 వస్తే మాత్రం పెరిగిందనే భావించాలి. 31 డిగ్రీల అర్థం కూడా పిల్లల ఎదుగుదలను బట్టి మారుతుంది. తుంటి ఎముక పై అంచున కొత్త ఎముక ఎంతవరకు ఏర్పడిందో చూసి ఎదుగుదల ఎంత మిగిలిందో అంచనా వేసే పద్ధతిని 1958లో జోసెఫ్ రిస్సర్ ప్రతిపాదించాడు. ఆ కొత్త ఎముక ఇంకా ఏర్పడని పిల్లల్లో అదే కోణం బ్రేస్ తొడిగే ఆలోచనకు దారితీస్తే, ఎదుగుదల ముగిసినవారిలో పరిశీలన చాలవచ్చు.

పదేపదే ఎక్స్‌రేలు తీయడానికి చెల్లించిన మూల్యం ఆలస్యంగా తెలిసివచ్చింది. అమెరికాలో 1912-1965 మధ్య వెన్ను వంపు గుర్తించిన 5 వేలకు పైగా స్త్రీలపై 2000లో వెలువడిన అధ్యయనంలో, సగటున ఒక్కొక్కరికి 25 దాకా ఎక్స్‌రేలు తీసినట్లు, రొమ్ము క్యాన్సర్ మరణాలు సాధారణంకన్నా ఎక్కువగా ఉన్నట్లు తేలింది. అందుకే ఇప్పుడు కిరణాలు వీపు వైపు నుంచి ప్రవేశించేలా పిల్లలను నిలబెడతారు, దానివల్ల రొమ్ములకు చేరే కిరణాలు బాగా తగ్గుతాయి. తక్కువ మోతాదు యంత్రాలూ వచ్చాయి. ఎక్స్‌రేల మధ్య కాలంలో ఒకే దూరం నుంచి, ఒకే భంగిమలో తీసిన వీపు ఫొటోలు, ముందుకు వంగినప్పుడు దిబ్బ వాలును కొలిచే చిన్న పరికరం మార్పును పసిగట్టడానికి తోడ్పడుతున్నాయి. అయితే కొవ్వు, కండరం వీపు ఆకారాన్ని మార్చేస్తాయి కనుక, చికిత్స నిర్ణయించవలసి వచ్చినప్పుడు వాటి ఆధారంగా కోణాన్ని ఊహించక మళ్లీ ఎక్స్‌రే తీసి కొలుస్తారు.