నేనెక్కడికి పోతాన్రా?

కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన చోట చిన్న కొట్లవాళ్ళ కోసం క్లౌడ్ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటి తయారుచేశాం. దానికి ఒక్క ముక్కలో పరిచయ వాక్యం రాయమంటే అందరం కూర్చుని తేల్చింది ఇదీ: "మీ లెక్కలు, ఎప్పుడైనా, ఎక్కడైనా." మహా గొప్పగా ఉందనుకుని కిరాణా కొట్టున్న మా బాబాయికి చదివి వినిపించా. ఆయన గల్లాపెట్టె మీంచి తల కూడా ఎత్తలేదు. "నేనెక్కడికి పోతాన్రా? పొద్దున్నుంచి రాత్రిదాకా ఇక్కడే కదా ఏడ్చేది!" అన్నారు.

ఆ దెబ్బకి, ఇలాంటి వాక్యాలు అంతకుముందు ఎవరెలా రాశారో చూడాలనిపించింది.

అమెరికాలో 1983లో మొదలైన ఇంట్యూట్ కంపెనీ క్వికెన్ అనే సాఫ్ట్‌వేర్‌ని ఇంటి ఖర్చుల కోసం చేసింది. తీరా చూస్తే కొన్నవాళ్ళలో చాలామంది దాంట్లో వ్యాపారం లెక్కలు రాసుకుంటున్నారు! అసలైన అకౌంటింగ్ ప్యాకేజీలుండగా ఇదెందుకయ్యా అంటే, వాళ్ళకి డెబిట్, క్రెడిట్ అంటే భయం. అందుకే 1992లో వచ్చిన క్విక్‌బుక్స్‌లో ఆ మాటలు కనపడకుండా దాచేశారు. యజమానులు సంతోషించారు, అకౌంటెంట్లు గోల పెట్టారు. పాత పద్దు దిద్దితే ఎవరు దిద్దారో తెలిసే జాడ తొలి వెర్షన్లలో లేదు మరి.

మన దగ్గర టాలీ కథ కూడా ఇలాంటిదే. శ్యామ్ సుందర్ గోయెంకాకి తన వ్యాపారానికి నచ్చిన సాఫ్ట్‌వేర్ దొరక్క, కొడుకు భరత్ చేత రాయించారు. 1986లో బెంగుళూరులో పుట్టిన కంపెనీ అది. ప్రతి ఖాతాకీ ఒక అంకె కోడ్ గుర్తుపెట్టుకోవాల్సిన రోజుల్లో, పేరు టైపు చేస్తే చాలనడం పెద్ద సుఖం. 'పవర్ ఆఫ్ సింప్లిసిటీ' అని వాళ్ళు ఊరికే అనుకోలేదు. కానీ ఎవరికి సింపుల్? అమీర్‌పేటలో టాలీ నేర్పుతామన్న బోర్డులు చూడనివాళ్ళు మనలో ఎవరున్నారు? కోర్సు చేయాల్సొచ్చిందంటే అది లెక్కలు రాసే గుమాస్తాకి సింపుల్, మా బాబాయికి కాదు. ఆయన పొడుగాటి అరువు పుస్తకం అలాగే ఉండిపోయింది.

ఆ పుస్తకం జోలికి వచ్చినవి 2017లో మొదలైన ఓకేక్రెడిట్, ఆ తర్వాత వచ్చిన ఖాతాబుక్. ఇవి అకౌంటింగ్ అనే మాటే ఎత్తలేదు, క్లౌడ్ ఊసూ లేదు. ఖాతాబుక్ అన్న పేరే ఒక వాక్యం: నీ దగ్గరున్న పుస్తకమే ఇది అని. లోపల మీరిచ్చింది, మీకొచ్చింది అనే అర్థంలో రెండు బటన్లు, ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ.

ఉదాహరణకి ఒకావిడ పాత బాకీ 1,200. ఇవాళ 450 రూపాయల సరుకు తీసుకెళ్ళి, సాయంత్రం 1,000 కట్టింది. టాలీలో అయితే ఒక సేల్స్ వోచర్, ఒక రిసీట్ వోచర్. మొదటి దాంట్లో ఆవిడ ఖాతాకి 450 డెబిట్, అమ్మకాలకి క్రెడిట్. రెండో దాంట్లో నగదుకి 1,000 డెబిట్, ఆవిడకి క్రెడిట్. ఇక్కడ ఎరుపు నొక్కి 450, ఆకుపచ్చ నొక్కి 1,000. మిగిలింది 650. నిజానికి ఆ రెండు బటన్లూ ఆవిడ ఖాతాలో డెబిట్, క్రెడిట్లే, వేషం మార్చుకున్నాయంతే.

మరి పొరపాటున 1,000కి కూడా ఎరుపే నొక్కితే? బాకీ 2,650 అవుతుంది. తేడా 2,000, అంటే సరిగ్గా రెట్టింపు. తేడాలో సగానికి సరిపోయే పద్దు వెతకమని పాత గుమాస్తాలు చెప్పేది ఇందుకే. రెండు వైపులా రాసే పద్ధతిలో కూడా వోచర్ మొత్తం తిరగేసి రాస్తే రెండు వైపులూ సరిపోతాయి, తప్పు బయటపడదు. ఇక్కడ మాత్రం పద్దు రాయగానే ఆవిడ ఫోనుకి ఎస్సెమ్మెస్ వెళ్తుంది. పావుగంటలో ఆవిడే కొట్టు ముందు నిలబడుతుంది! నాకు బాగా నచ్చింది ఇదే. దిద్దే పని అకౌంటెంట్ నుంచి తీసి, బాకీ ఉన్న మనిషికే అప్పజెప్పారు.

క్లౌడ్ వల్ల నిజమైన లాభం ఫోను పోయినరోజు తెలుస్తుంది. కొత్త ఫోన్లో అదే నంబరుతో లాగిన్ అయితే పుస్తకం తిరిగొస్తుంది. ఎలకలు కొట్టేసిన అరువు పుస్తకం తిరిగిరాదు కదా.

అలాగని దీంతో అన్నీ తేలవు. అరువు ఒక్కటే రాస్తే, చేతిలో డబ్బు పెట్టి కొన్నవాళ్ళ లెక్క అందులో ఉండదు. కాబట్టి లాభమెంతో, సరుకెంత మిగిలిందో అది చెప్పలేదు. జీఎస్టీ కట్టాల్సిన కొట్టయితే మళ్ళీ బిల్లులూ, ఆడిటరూ తప్పవు.

తర్వాత మా వాక్యం మార్చాం: "ఎవరెంత ఇవ్వాలో రాసుకోండి, గుర్తుచేసే పని మాది." ఈసారి బాబాయి తలెత్తి చూశారు. కాసేపాలోచించి, "మేష్టారికి మాత్రం మెసేజ్ పంపకు. ముప్పై ఏళ్ళ ఖాతా, నొచ్చుకుంటాడు" అన్నారు. వాడుకరి పేరు పక్కన గుర్తుచేయొద్దు అని ఒక టిక్కు పెట్టడానికి నాకు రెండ్రోజులు పట్టింది.