ఇనప్పెట్టె, లాకరు, వాల్టు: బంగారం దాచిన చోట్ల కథ

పదిహేడో శతాబ్దపు లండన్ వర్తకులకు తమ బంగారం, వెండి దాచుకోవడానికి టవరు కోటలోని రాజుగారి టంకశాలే అన్నిటికన్నా భద్రమైన చోటు. 1640లో మొదటి చార్లెస్ రాజుకు సైన్యం ఖర్చులకు సొమ్ము కరువైంది. అక్కడున్న వర్తకుల సొత్తు మీద చెయ్యి వేశాడు. లక్ష పౌండ్లకు పైబడిన సొత్తు అది. వర్తకులు గగ్గోలు పెట్టి, రాజుకు 40 వేల పౌండ్లు అప్పుగా ఇవ్వడానికి ఒప్పుకున్నాక గానీ అది విడుదల కాలేదు. ఇక టంకశాలను నమ్మేవాళ్లు తగ్గారు. ఇనుప పెట్టెలు, కావలివాళ్లు ఉన్న కంసాలుల దగ్గర దాచుకోవడం ఊపందుకుంది.

కంసాలి సొత్తు తీసుకుని రసీదు రాసిచ్చేవాడు. ఫలానా నగ, ఫలానా ముద్ద, అదే తిరిగి ఇస్తానని రాస్తే అది దాపు. ఇంత బరువు బంగారం ఇస్తానని మాత్రమే రాస్తే అది అప్పు. రెండో రకం సొమ్మును కంసాలులు వడ్డీకి తిప్పారు. అందులో చాలా భాగం రెండో చార్లెస్ ఖజానాకే చేరింది. 1672లో ఆ రాజు చెల్లింపులు ఆపేయగానే పెద్ద పెద్ద కంసాలి బ్యాంకర్లు కుప్పకూలారు, వాళ్లను నమ్మినవాళ్లూ నష్టపోయారు. బ్యాంకులో వేసిన డబ్బు ఖాతాదారు బ్యాంకుకు ఇచ్చిన అప్పేనని బ్రిటిష్ ప్రభువుల సభ 1848లో తేల్చింది. బంగారం ఎక్కడ పెట్టినా నేను ముందు చూడమనేది రసీదులో ఏం రాసి ఉందన్నదే.

ఇంట్లో దాచిన దానికి రసీదు ఉండదు. మన పెద్దలు బిందెలో పెట్టి నేలలో పాతారు, గోడలో కప్పెట్టారు, భోషాణంలో అడుగున దాచారు. చోటు తెలిసిన మనిషి హఠాత్తుగా పోతే అది ఎవరికీ కాకుండా పోయేది. అలా దొరికిన నిధుల కోసం 1878లో ఏకంగా ఒక చట్టమే వచ్చింది. పది రూపాయలకు మించిన నిధి కనపడితే కలెక్టరుకు చెప్పాలి. తర్వాత ఇనప్పెట్టె వచ్చింది. 1897లో బొంబాయిలో తాళాలతో మొదలైన గోద్రెజ్ కంపెనీ 1902 నాటికి ఇనప్పెట్టెలు చేస్తోంది. ఇంట్లో దాచడంలో పెద్ద లాభం, పండగ పూట నగ చేతికి అందడం. పెద్ద నష్టం, పోతే పూచీ పడేవాడు లేకపోవడం. ఇంటి బీమా ఉంది కదా అనుకుంటారు చాలామంది. నగలను విడిగా, విలువ కట్టించి చేర్పిస్తే తప్ప మామూలు పాలసీ వాటికి పూర్తిగా వర్తించదు. ఇల్లు చాలా రోజులు తాళం వేసి ఉంటే దొంగతనానికి వర్తించదన్న షరతు కూడా ఉండవచ్చు. అది చదివాకే సంతకం పెట్టాలి.

లాకరుకు రసీదు ఉంటుంది గానీ, అది అద్దె రసీదు. లోపల ఏముందో బ్యాంకుకు తెలియదు, అడగదు. అందుకే అది బ్యాంకుకు అప్పగించిన సొత్తు కాదని చాలాకాలం కోర్టులు చెబుతూ వచ్చాయి. ఈ పరిస్థితిని మార్చింది కలకత్తా లాకరు కేసు. ఒక తల్లీకొడుకుల లాకరును అద్దె బాకీ ఉందంటూ 1994లో బ్యాంకు పగలగొట్టింది. అద్దె కట్టేశామని వాళ్లన్నారు. ఏడు నగలుండాలని వాళ్లు అడిగితే, బ్యాంకు రెండే చూపింది. అమితాభ దాస్‌గుప్తా వర్సెస్ యునైటెడ్ బ్యాంక్ ఆఫ్ ఇండియా అనే ఈ కేసులో సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో తీర్పిచ్చింది. లాకరు భద్రత నుంచి బ్యాంకులు చేతులు దులుపుకోవడం కుదరదంది, 5 లక్షలు పరిహారం ఇమ్మంది, ఆరు నెలల్లో నియమాలు తెమ్మని రిజర్వు బ్యాంకును ఆదేశించింది.

ఆ నియమాలు 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. నిప్పంటుకున్నా, దొంగలు పడ్డా, కట్టడం కూలినా, ఉద్యోగులే మోసం చేసినా బ్యాంకు చెల్లించాలి. ఎంత? ఏడాది అద్దెకు వంద రెట్లు. వినడానికి పెద్దగా ఉంటుంది. లెక్క వేసి చూడండి. సులువు కోసం గ్రాము పది వేలు అనుకుందాం. వంద గ్రాములు దాచారు, విలువ పది లక్షలు. లాకరు అద్దె ఏడాదికి 3 వేలు, జీఎస్టీ 18 శాతం కలిపితే 3,540. వంద రెట్ల పూచీ 3 లక్షలు. మిగతా ఏడు లక్షలకు ఎవరూ బాధ్యులు కారు. అదే లాకరులో అర కిలో ఉంటే విలువ యాభై లక్షలు, పూచీ మాత్రం అదే 3 లక్షలు. బంగారం ధర పెరిగే కొద్దీ ఈ లోటూ పెరుగుతుంది. వరద, భూకంపం, పిడుగు వంటి వాటికి, తన నిర్లక్ష్యం లేకపోతే, బ్యాంకు బాధ్యత ఉండదు. పైగా లోపల ఏముందో రుజువు చెయ్యాల్సింది మీరే. అద్దె కడుతూనే ఉన్నా ఏడేళ్లు ఎవరూ తెరవకపోతే, అద్దెదారు జాడ దొరక్కపోతే, పద్ధతి ప్రకారం నోటీసులిచ్చి లాకరు తెరిచే హక్కు బ్యాంకుకు ఉంది. విదేశాల్లో ఉంటూ ఊళ్లో లాకరు వదిలేసిన మన వాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

మూడోది వాల్టు. ఇక్కడే కంసాలి మొదటి రకం రసీదు తిరిగి ప్రాణం పోసుకుంది. పేరు మీద విడిగా పెట్టే ఈ పద్ధతిని వ్యాపారులు అలొకేటెడ్ అంటారు. మీ కడ్డీ మీద ఉన్న నంబరు, శుద్ధి చేసిన సంస్థ పేరు, బరువు, మేలిమి జాబితాలో ఉంటాయి. కాపలా సంస్థ దివాలా తీసినా ఆ కడ్డీ దాని ఆస్తి కాదు కాబట్టి అప్పులవాళ్లకు పోకూడదు. దేశాలు చేసేదీ ఇదే. 1991 విదేశీ మారకం సంక్షోభంలో భారతదేశం దాదాపు 47 టన్నుల బంగారాన్ని అప్పుకు హామీగా బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కు పంపింది. రిజర్వు బ్యాంకు అక్కడ దాచుకున్న సొంత బంగారంలోంచి 2024లో సుమారు వంద టన్నులు తిరిగి తెచ్చుకుంది.

అన్‌అలొకేటెడ్ అన్నచోట మాత్రం మీకున్నది కడ్డీ కాదు, బాకీ రావలసిన బరువు. విలువైన లోహాలు కొని దాచిపెట్టామని చెప్పి, లేని సరుకుకు దాపు రుసుము వసూలు చేశారంటూ మోర్గాన్ స్టాన్లీ మీద అమెరికాలో దావా పడింది. ఆ ఆరోపణను ఒప్పుకోకుండానే ఆ సంస్థ 2007లో 44 లక్షల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది. మోసాన్ని పసిగట్టే దారి ఒకటే. కడ్డీ నంబర్లున్న జాబితా అడగండి, దాన్ని బయటి ఆడిటరు ఎప్పుడు సరిచూశాడో అడగండి. జాబితా ఇవ్వలేనివాడి దగ్గర ఉన్నది బాకీయే.

వాల్టు రుసుము ఏడాదికి విలువలో అర శాతం అనుకుంటే పది లక్షలకు 5 వేలు. లాకరు కన్నా ఎక్కువే, కానీ అందులో పూర్తి విలువకు బీమా కలిసి ఉంటే అదే చవక. మన దేశంలో సెబీ పర్యవేక్షించే వాల్టులతో ముడిపడిన ఎలక్ట్రానిక్ గోల్డ్ రసీదులు 2022లో మొదలయ్యాయి. యాప్‌లలో అమ్మే డిజిటల్ గోల్డ్ మాత్రం తన నియంత్రణలో లేదని సెబీ 2025 నవంబరులో హెచ్చరించింది. ఒక హద్దు కూడా ఉంది. వాల్టు కడ్డీలకే పనికొస్తుంది, అమ్మమ్మ కాసులపేరుకు కాదు.

అందుకే నా తీర్పు ఇది. ఒంటి మీద పెట్టుకునే నగలు కొద్దిగా ఇంట్లో, బీమాలో పేరు రాయించి. వారసత్వపు నగలు లాకరులో, బిల్లులు, తూకం, ఫొటోలు వేరే చోట ఉంచి, నామినీ రాసి. పెట్టుబడి కోసం కొన్నది నంబరున్న వాల్టులో. ముందుగా ఈ వారమే మీ లాకరు అద్దె రసీదు తీసి, జీఎస్టీ కలపని అద్దెను వందతో గుణించండి. లోపలున్న బంగారం విలువ ఆ మొత్తం దాటితే, తేడాకు విడిగా బీమా తీసుకోండి.