కొండచిలువ మింగే తీరు, అరిగించుకునే తీరు

తన తలకంటే వెడల్పైన జంతువును నమలకుండా, ముక్కలు చేయకుండా నిండుగా మింగి, రోజుల తరబడి అరిగించుకోవడం చాలా పాములకు ఉన్న శక్తి. ఈ శక్తిని శాస్త్రవేత్తలు ఎక్కువగా పరిశీలించింది బర్మా కొండచిలువలో. మొదట దృష్టంతా నోటి మీదే ఉండేది. కడుపులో జరిగేది అంతకంటే పెద్ద పని అని 1990ల నుంచి తెలిసింది.

పూర్వరూపం

పాములన్నిటికీ మొదటినుంచీ ఇంత పెద్ద నోరు లేదు. గుజరాత్‌లోని ధోలీ డుంగ్రీ దగ్గర, సుమారు 6.7 కోట్ల ఏళ్ల నాటి రాతిలో, డైనోసార్ గుడ్ల పక్కన చుట్టుకుని ఉన్న ఒక పాము శిలాజం దొరికింది. ధనంజయ్ మోహబే, జెఫ్రీ విల్సన్ తదితరులు 2010లో దానికి సనాజే ఇండికస్ అని పేరుపెట్టారు. దాదాపు మూడున్నర మీటర్ల పొడవున్నా దాని దవడలు నేటి కొండచిలువ దవడల్లా విచ్చుకునేవి కావు. అందుకే అది గుడ్డులోంచి అప్పుడే బయటికొచ్చిన పిల్లల కోసం కాచుకునేదని వారి అభిప్రాయం.

నోటి నిర్మాణం

మింగేటప్పుడు పాము దవడ ఊడిపోతుందన్న మాట చాలాకాలంగా వాడుకలో ఉంది. అది నిజం కాదు. మనిషి కింది దవడ రెండు సగాలూ గడ్డం దగ్గర ఒకటిగా అతుక్కుని ఉంటాయి. పాములో అవి అతుక్కోవు. వాటి మధ్య సాగే కణజాలం, చర్మం మాత్రమే ఉంటాయి. వెనకవైపు కింది దవడను పుర్రెకు కలిపే క్వాడ్రేట్ ఎముక పొడవుగా ఉండి, అటూ ఇటూ కదులుతుంది. కీళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి, నోరు మాత్రం కిందికీ పక్కలకూ తెరుచుకుంటుంది. అయితే ఎముకల వల్లే ఇంత వెడల్పు రాదు. దవడల మధ్య చర్మం సాగడం వల్ల నోటి వెడల్పు ఎంతో పెరుగుతుందని బ్రూస్ జేన్ బృందం 2022లో కొలిచి చూపింది.

కొండచిలువ ఎరను సాధారణంగా తలవైపు నుంచి మింగుతుంది. అలాగైతే కాళ్లు వెనక్కి మడుచుకుంటాయి, వెంట్రుకలు అడ్డం రావు. పై దవడలో కుడివైపు ఎముకలు ముందుకు జరిగి, లోపలికి వంగిన పళ్లను ఎరకు గుచ్చి పట్టుకుంటాయి. తర్వాత ఎడమవైపు కదులుతుంది. చూడ్డానికి పాము ఎరను లోపలికి లాక్కుంటున్నట్టుంటుంది గానీ, నిజానికి దాని తలే ఎర మీదుగా అడుగులేసుకుంటూ ముందుకు పోతుంది. ఇదంతా జరిగేంతసేపూ నోరు మూసుకుపోయి ఉంటుంది కాబట్టి, గాలిగొట్టం మొనను నోటి అడుగునుంచి బయటికి చాపి ఊపిరి తీసుకుంటుంది. రొమ్ము ఎముక లేకపోవడంతో పక్కటెముకలు విచ్చుకుని ఎరకు దారిస్తాయి.

జీర్ణక్రియ పరిశోధన

స్టీఫెన్ సెకోర్, జేరెడ్ డైమండ్ 1995లో బర్మా కొండచిలువలకు కొలిచిన ఆహారం పెట్టి, లోపలి అవయవాలను రోజురోజూ పరిశీలించారు. నెల రోజులు పస్తున్న పాము జీర్ణవ్యవస్థ దాదాపు నిద్రలో ఉంటుంది. కడుపులో ఆమ్లం ఉండదు, పేగు సన్నబడి ఉంటుంది.

ఉదాహరణకు పాము తన బరువులో నాలుగో వంతు ఉన్న ఎలుకను మింగిందనుకుందాం. ఒక రోజులోపే కడుపులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఊరి, తటస్థంగా ఉన్న పీహెచ్ సుమారు 2కి పడిపోతుంది. చిన్నపేగు బరువు దాదాపు రెట్టింపవుతుంది, ఆహారాన్ని పీల్చుకునే సూక్ష్మచూషకాలు కొన్ని రెట్లు పొడవవుతాయి. కాలేయం, మూత్రపిండాలు కూడా పెరుగుతాయి. పాము కదలకుండా పడుకుని ఉన్నా, దాని ఆక్సిజన్ వాడకం పస్తున్నప్పటికంటే ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఎముకలతో సహా ఎలుక కరిగి కడుపు ఖాళీ కావడానికి దాదాపు వారం పడుతుంది. వెంట్రుకలు మాత్రం అరగక మలంతో బయటికొస్తాయి. ఆ తర్వాత ఆమ్లం ఊరడం ఆగిపోతుంది, పేగు మళ్లీ కుంచించుకుపోతుంది.

ఈ పెరుగుదల ఎలా వస్తుందన్నది వివాదమైంది. పేగు పెరగడానికి కారణం కొత్త కణాలు కాదనీ, ఉన్న కణాల పొర మడతలు విప్పుకుని, రక్తం, శోషరసం చేరి ఉబ్బుతుందనీ మథియాస్ స్టార్క్, కథ్లీన్ బీసీ 2001లో వాదించారు. గుండె కండ రెండు రోజుల్లో 40 శాతం పెరుగుతుందని 2005లో మరో బృందం ప్రకటించింది. తర్వాతి ప్రయోగాల్లో కొన్నిటిలో ఆ పెరుగుదల కనబడలేదు.

పరిమితులు

ఈ పనంతా వెచ్చదనం మీద ఆధారపడుతుంది. శరీరం చల్లబడితే ఎంజైములు మందగిస్తాయి, లోపలి మాంసం అరిగే లోపే కుళ్లడం మొదలవుతుంది. అప్పుడు పాము దాన్ని కక్కేస్తుంది. తిన్న వెంటనే బెదిరినా కక్కేయవచ్చు, ఎందుకంటే అంత బరువుతో పారిపోవడం కష్టం. అందుకే కొండచిలువలను పెంచేచోట తిన్న పామును కొన్ని రోజులు తాకరు, వెచ్చగా ఉంచుతారు. నడుము ఉబ్బు రోజురోజుకూ తగ్గుతుంటే జీర్ణం సాగుతోందని గుర్తు. అది తగ్గకపోయినా, చెడు వాసన వచ్చినా ఏదో తేడా ఉన్నట్టే.