ఫెలోషిప్ జీతమా, కాదా? పన్ను ఆఫీసులో ఒక మాట, బ్యాంకులో ఇంకో మాట

మెట్టుగూడలో రైల్వే క్వార్టర్ల పక్క సందుల్లో అద్దె గదులు తీసుకుని, తార్నాక మీదుగా ఉస్మానియాకూ ఇఫ్లూకూ వెళ్లే పరిశోధక విద్యార్థులు ఉంటారు. క్వార్టర్‌లో ఉండే రైల్వే ఉద్యోగి మూడు నెలల పే స్లిప్పులు చూపిస్తే బ్యాంకు అప్పు ఇస్తుంది. పక్క గదిలో నెలకు 37,000 రూపాయల జేఆర్ఎఫ్ తీసుకునే విద్యార్థికి మాత్రం, ‘మీకు ఆదాయం లేదు’ అంటుంది. ఇంట్లో మొదటిసారి పీహెచ్‌డీ దాకా వచ్చి, తాకట్టుకు పొలమూ ఇల్లూ లేని మన పిల్లలకు ఈ మాట గట్టిగా తగులుతుంది.

ముందు పన్ను సంగతి. చదువు ఖర్చుల కోసం ఇచ్చే స్కాలర్‌షిప్‌కు 1961 ఆదాయపు పన్ను చట్టం, సెక్షన్ 10(16) కింద పన్ను లేదు. జీతం అనాలంటే ఒక యజమాని, ఒక ఉద్యోగి ఉండాలి. యూజీసీ ఇచ్చే జేఆర్ఎఫ్‌లోగానీ, ఎస్సీ విద్యార్థుల జాతీయ ఫెలోషిప్‌లోగానీ ఆ సంబంధం లేదు. విద్యార్థి తన సొంత పరిశోధన చేసుకుంటాడు, దానికి అయ్యే ఖర్చు ప్రభుత్వం ఇస్తుంది. ప్రాజెక్టులో కాంట్రాక్టు మీద పనిచేసే వారి విషయం వేరు. అక్కడ డబ్బు ఇచ్చేది చేసిన పనికి, కాబట్టి పన్ను పరిధిలోకి వస్తుంది. పేరులో ‘ఫెలో’ అని ఉన్నంత మాత్రాన సరిపోదు, నియామక పత్రంలో ఏం రాశారో చూసుకోవాలి. ఫెలోషిప్‌ను పొదుపు ఖాతాలో వేస్తే వచ్చే వడ్డీకి కూడా ఈ మినహాయింపు వర్తించదు.

చిక్కు సాధారణంగా బకాయిలు వచ్చినప్పుడు బయటపడుతుంది. ఒక విద్యార్థినికి ఆరు నెలల డబ్బు ఒకేసారి వచ్చిందనుకుందాం. మొత్తం 2,22,000. అకౌంట్స్ సెక్షన్‌లో ఎవరో దాన్ని వృత్తి ఫీజుగా లెక్కగట్టి పది శాతం టీడీఎస్ కోశారు. ఖాతాలో 22,200 తక్కువ పడింది. ఫారం 26ఏఎస్ తెరిస్తే ఏ సెక్షన్ కింద కోశారో కనిపిస్తుంది. అక్కడ 194జే అని ఉంటే, ముందు అవార్డు లెటర్ జతచేసి అకౌంట్స్ సెక్షన్‌కు రాతపూర్వకంగా అడగాలి. పోయిన డబ్బు తిరిగి రావాలంటే రిటర్ను వేయాలి. ఐటీఆర్-1లో మినహాయింపు ఆదాయం దగ్గర సెక్షన్ 10(16) ఎంచుకుని మొత్తం చూపాలి. ఆదాయం చూపకుండా టీడీఎస్ మాత్రం అడిగితే రిఫండ్ ఆగిపోవచ్చు, నోటీసూ రావచ్చు. అవార్డు లెటర్, జాయినింగ్ రిపోర్టు దాచుకోవాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త చట్టం వచ్చింది. ఆ తర్వాతి ఆదాయానికి ఈ పాత సెక్షన్ నంబర్లు వాడకూడదు.

ఇప్పుడు బ్యాంకు. రిటర్ను సరిగ్గా వేస్తే పన్ను వేయదగ్గ ఆదాయం సున్నా అని వస్తుంది. బ్యాంకు అధికారి చూసేది ఆ సున్నానే. ఫారం 16 లేదు, పే స్లిప్పు లేదు. ఇక్కడే ఏజెంటు దిగుతాడు: ‘జీతంగా చూపించి రిటర్ను వేద్దాం, ఎలాగూ పన్ను పడదు కదా’ అని. నిజమే, కొత్త విధానంలో ఏడాదికి 4,44,000 జీతం ఉన్నా పన్ను పడదు. కానీ లేని యజమానిని చూపించడం తప్పుడు ప్రకటన. దాని మీద అప్పు తీసుకుంటే బ్యాంకును మోసం చేసినట్టే. సంతకం పెట్టేది ఏజెంటు కాదు, విద్యార్థి.

నిజం చెప్పి అడిగే దారి ఉంది, ఇస్తారన్న హామీ మాత్రం లేదు. ఫెలోషిప్ జమయ్యే శాఖకే వెళ్లి అవార్డు లెటర్, పన్నెండు నెలల స్టేట్‌మెంటు, ఫెలోషిప్ ఇంకా ఎన్నాళ్లు ఉందో తెలిపే డిపార్ట్‌మెంట్ హెడ్ పత్రం ఇవ్వాలి. జేఆర్ఎఫ్ రెండేళ్లు, ఎస్ఆర్ఎఫ్ మూడేళ్లు, మొత్తం అయిదేళ్లకు మించదు. అప్పు గడువు మిగిలిన కాలం లోపే ఉండేలా అడగాలి. జీతం ఉన్న బంధువు సహ దరఖాస్తుదారుగా వస్తే బ్యాంకు తేలిగ్గా ఒప్పుకుంటుంది, కానీ కిస్తీ తప్పితే దెబ్బ ఆ బంధువుకూ తగులుతుంది.

ఆ తప్పడం ఊహ కాదు. పన్నెండు శాతం వడ్డీకి రెండేళ్లలో తీర్చేలా రెండు లక్షలు తీసుకుంటే నెల కిస్తీ సుమారు 9,415. ఫెలోషిప్ మూడు నెలలు ఆగితే 28 వేల పైన పేరుకుంటుంది. ప్రతి బౌన్సుకూ చార్జీ పడుతుంది, సిబిల్ స్కోరు పడిపోతుంది. 2016 జనవరి 17న మనల్ని వదిలి వెళ్లిన రోహిత్ వేముల, ఏడు నెలల ఫెలోషిప్ లక్షా డెబ్బై అయిదు వేలు తనకు రావాల్సి ఉందని చివరి ఉత్తరంలో రాశాడు. అందులోంచి ఒక స్నేహితుడి బాకీ, నలభై వేల దాకా, తీర్చమని కోరాడు. ఫెలోషిప్ ఆగితే అప్పు పుట్టేది బ్యాంకులో కాదు, స్నేహితుల దగ్గరే. కాబట్టి మూడు కిస్తీలకు సరిపడా డబ్బు పక్కన లేకుండా కొత్త కిస్తీకి సంతకం పెట్టొద్దు. నెలవారీ హాజరు ధ్రువీకరణ యూనివర్సిటీ పోర్టల్‌లో పెట్టిందో లేదో ప్రతి నెలా మీరే కనుక్కోవాలి. చాలాసార్లు డబ్బు ఆగేది అక్కడే.